ఒక్క పేజీలో గోరుమ్ భాష: గ్రాంటు దరఖాస్తు సారాంశం ఎలా లెక్కకట్టాలి

అంతరించిపోతున్న భాషను రికార్డు చేయడానికి డబ్బు అడిగే దరఖాస్తుల్లో సారాంశం ఒక పేజీ మించదు. పరిశీలకుడు ముందు చదివేది ఆ పేజీనే. మిగతా ముప్పై పేజీలు చదవాలా వద్దా అన్నది అక్కడే తేలిపోతుంది. అయినా చాలా సారాంశాలు "ఈ భాష అంతరించే దశలో ఉంది, మన సంస్కృతిని కాపాడుకోవాలి" అనే రెండు వాక్యాలతో మొదలవుతాయి. ఆ రెండు వాక్యాలు కొట్టేసినా పేజీలో ఏమీ తగ్గదు, ఎందుకంటే దరఖాస్తు పెట్టిన ప్రతి ఒక్కరూ అదే రాస్తారు. పరిశీలకుడు వెతికేది వేరు: ఎవరు మాట్లాడుతున్నారు, వాళ్లు ఎన్ని గంటలు కూర్చోగలరు, ఆ గంటల్లోంచి ఏం బయటికి వస్తుంది.

దీన్ని ఉత్తినే చెబితే గాల్లో మాటలా ఉంటుంది, అందుకని ఒక భాషను పట్టుకుని చూద్దాం. గోరుమ్. ఒడిశా కోరాపుట్ జిల్లా నందపూర్, పొట్టంగి ప్రాంతాల్లోనూ, ఇటు మన అల్లూరి సీతారామరాజు జిల్లా ముంచంగిపుట్టు వైపునా ఉన్న పరెంగ ప్రజల భాష. ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబంలో ముండా శాఖకు చెందింది, తెలుగుకు గానీ ఒడియాకు గానీ చుట్టం కాదు. దగ్గరి బంధువు సవర. గిడుగు రామమూర్తి పంతులు ఏళ్ల తరబడి నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చు వేయించిన ఆ సవరే. సవరకు ఇప్పటికీ పిల్లలు మాట్లాడే ఊళ్లున్నాయి. గోరుమ్ ఇళ్లలో మాత్రం మాట దేసియాకు, అంటే ఆ కొండల్లో అన్ని తెగలూ వాడే ఒడియా మాండలికానికి, ఎప్పుడో మారిపోయింది. గోరుమ్ మిగిలింది ప్రధానంగా ముసలివాళ్ల నోట్లో.

మొదటి చిక్కు పేరు దగ్గరే వస్తుంది. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు తెగల జాబితాలో పోర్జా కింద "పరంగిపెర్జా" అని ఒకటుంది, గదబల కింద "పరంగి గదబ" అని ఇంకొకటుంది. గదబ అనే పేరు కిందే రెండు వేర్వేరు భాషలున్నాయి: గుటోబ్ ముండా భాష, ఒల్లరి ద్రావిడ భాష. కాబట్టి "పరంగి గదబ భాషను రికార్డు చేస్తాం" అని రాస్తే ఏ భాష గురించి అడుగుతున్నారో పరిశీలకుడికి తెలియదు. తెగ పేరు, భాష పేరు, అంతర్జాతీయ భాషా సంకేతం మూడూ మొదటి వాక్యంలోనే ఉండాలి. గోరుమ్‌కు ఆ సంకేతం `pcj`. ఇలాంటి చోట ఈ మూడక్షరాలు ఒక పేరా వివరణకు సమానం.

రెండో చిక్కు జనం లెక్క. జనగణన పట్టికల్లో పదివేల లోపు మంది మాట్లాడే భాషలను విడిగా చూపరు, "ఇతరములు"లో కలిపేస్తారు. అందుకని దరఖాస్తుదారులు తెగ జనాభాను తీసుకొచ్చి భాష జనాభాగా రాస్తారు. తెగలో వేలమంది ఉండొచ్చు, భాష వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కావచ్చు. ఈ రెండు అంకెల్నీ కలిపి రాసిన సారాంశం చూడగానే, ఊరికి వెళ్లకుండా రాశారని అర్థమైపోతుంది.

ఊరికి వెళ్లి అడిగినా సరైన అంకె తేలిగ్గా రాదు. "మీకు గోరుమ్ వచ్చా?" అంటే రెండు రకాల తప్పు జవాబులు వస్తాయి. పాటల్లో నాలుగు ముక్కలు, చెట్ల పేర్లు, తిట్లు వచ్చినాయన వచ్చంటాడు. చిన్నప్పుడు అమ్మతో అదే మాట్లాడిన అవ్వ, ముప్పై ఏళ్లుగా ఎవరితోనూ మాట్లాడలేదు కనుక రాదంటుంది. పరీక్ష పెట్టాలి, అదీ పదాల జాబితాతో కాదు. కళ్లు, ముక్కు, చెవులు అందరికీ గుర్తుంటాయి. గోరుమ్ క్రియాపదంలో పని చేసినవాళ్లు ఎవరో, పని ఎవరి మీద జరిగిందో రెండూ ఇమిడిపోతాయి. "నువ్వు నన్ను పిలిచావు", "నేను నిన్ను పిలవలేదు", "వాళ్లు మమ్మల్ని పిలుస్తారు" అనే మూడు వాక్యాలు దేసియాలో చెప్పి గోరుమ్‌లోకి మార్చమంటే, మూడింటికీ క్రియ రూపం తడుముకోకుండా మార్చగలిగినవాళ్లే ధారాళంగా మాట్లాడేవాళ్లు. ఒకే రూపం పెట్టి సర్వనామం మాత్రం మార్చేవాళ్లు సగం భాష మిగిలినవాళ్లు. వాళ్లూ పనికొస్తారు, కానీ లెక్కలో విడిగా చూపాలి. దీనికి మనిషికి పావుగంట చాలు. సారాంశంలో "ధారాళంగా ముగ్గురు, పాక్షికంగా ఇద్దరు, ఫలానా నెలలో పరీక్షించి చూశాం" అన్న వాక్యం రావాలంటే ఆ పావుగంటలు దరఖాస్తుకు ముందే గడిచి ఉండాలి.

మూడో చిక్కు "ఇంతవరకు ఎవరూ పని చేయలేదు" అనే వాక్యం. గోరుమ్ విషయంలో అది అబద్ధం. 1960ల్లో షికాగో విశ్వవిద్యాలయంలో నార్మన్ జైడ్ నడిపిన ముండా భాషల పరిశోధన ఈ కొండల దాకా వచ్చింది. 2008లో గ్రెగరీ ఆండర్సన్, ఫెలిక్స్ రౌ కలిసి రాసిన వ్యాకరణ పరిచయం అచ్చయింది. చిన్న భాషల లోకం చాలా చిన్నది. మీ దరఖాస్తు చదివే పరిశీలకుడు ఆ పని చేసిన మనిషే కావచ్చు. ఉన్నదాన్ని పేరుపెట్టి చెప్పి, మిగిలిన ఖాళీ ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పాలి. వ్యాకరణ వర్ణన ఉన్న భాషకు సాధారణంగా కొరత పడేది ఇద్దరు ముసలివాళ్లు తమలో తాము మాట్లాడుకునే మాట. ఎత్తిపొడుపు, మాటకు అడ్డుపడటం, ఒకరి వాక్యాన్ని ఇంకొకరు పూర్తి చేయడం, ఇవి ప్రశ్నోత్తరాల్లో దొరకవు.

ఇక అసలు లెక్క. గ్రాంటు అనగానే అందరూ డబ్బు లెక్క ముందు వేస్తారు. కొద్దిమంది ముసలివాళ్లే మిగిలిన భాషకు అది తలకిందుల పని. ఇక్కడ అన్నిటికంటే అరుదైనది ఒక ముసలావిడ కుదురుగా కూర్చోగలిగే గంట. పేజీలోని ప్రతి అంకె ఆ గంటలోంచి పుట్టాలి.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. అంకెలు లెక్క కోసం అనుకున్నవి, పద్ధతి మాత్రం నిజమైనది. ధారాళంగా మాట్లాడేవాళ్లు ముగ్గురు, డెబ్బై నుంచి ఎనభై నాలుగేళ్ల మధ్య, మూడు వేర్వేరు పల్లెల్లో ఉన్నారు. గ్రాంటు పన్నెండు నెలలు. రికార్డింగుకు డిసెంబరు నుంచి మార్చి దాకా పదహారు వారాలు. వానాకాలంలో ఎందుకు కాదంటే, చాలా ఇళ్లకు రేకుల కప్పు ఉంటుంది. రేకు మీద వాన పడుతుంటే ఎంత ఖరీదైన మైకైనా వానను రికార్డు చేస్తుంది తప్ప మనిషిని కాదు. చలికాలం పొద్దున్న మంట చుట్టూ కూర్చోబెడితే మాట బాగా సాగుతుంది గానీ కట్టెల చిటపట మైకులో టపాకాయలా పడుతుంది. మంటకు నాలుగైదు అడుగుల దూరం, మైకు చెంప పక్కనే ఉండాలి.

వారానికి మూడు సిటింగులు, ఒక్కోటి రెండు గంటలు. మొత్తం నలభై ఎనిమిది. జ్వరం, చావు కబురు, సంత, పెళ్లి వీటికి నాలుగో వంతు పోతే ముప్పై ఆరు మిగులుతాయి. రెండు గంటల సిటింగులో పనికొచ్చే మాట ముప్పై అయిదు నిమిషాలు వస్తే బాగా వచ్చినట్టే. మిగతాది కుశల ప్రశ్నలు, టీ, మనవళ్ల అల్లరి, మర్చిపోయి దేసియాలోకి జారిపోవడం. ముప్పై ఆరును ముప్పై అయిదుతో గుణిస్తే ఇరవై ఒక్క గంటలు. సారాంశంలో ఇరవై గంటలు అని రాయాలి. "వంద గంటల రికార్డింగు" అని రాసిన దరఖాస్తు చదివినప్పుడు పరిశీలకుడికి రెండే అనుమానాలు వస్తాయి: ముసలివాళ్లను పీల్చి పిప్పి చేస్తారు, లేదా ఆ వంద గంటలూ ఎవరూ విప్పని మూటలా పడి ఉంటాయి.

మూట విప్పడమే పెద్ద పని. ఒక నిమిషం మాటను విని, లిపిలో రాసి, అర్థం రాయడానికి నలభై నిమిషాలు పడుతుందనుకోవడం జాగ్రత్తగా వేసిన అంచనాయే. ఇందులో పరిశోధకుడి సమయం మాత్రమే కాదు, పక్కన కూర్చుని "ఆమె అన్నది ఇదీ" అని చెప్పగలిగే ముసలావిడ సమయం కూడా అంతే పడుతుంది. ఎందుకంటే ఆ పని చేయగల కుర్రవాళ్లెవరూ లేరు. ఇరవై గంటలంటే పన్నెండు వందల నిమిషాలు. ఒక్కో నిమిషానికి నలభై చొప్పున ఎనిమిది వందల గంటలు కూర్చోవాలి. ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ముప్పై నాలుగు వారాలు. వారానికి నాలుగు రోజులు రెండేసి గంటలు, ఇద్దరు పెద్దలతో ఇద్దరు రాసేవాళ్లు పక్కపక్కన పనిచేస్తే అయిదు వందల నలభై నాలుగు గంటలు. నాలుగో వంతు పోగా నాలుగు వందల ఎనిమిది. ఎనిమిది వందలు కావాలి, ఉన్నవి నాలుగు వందలు. చాలా ప్రాజెక్టులు చివరి రెండు నెలల్లో కుప్పకూలేది ఈ లెక్క ముందు వేయకే.

దారి ఏమిటంటే, అంతా ఒకే లోతుకు తవ్వకూడదు. ఎనిమిది గంటల మాటను పూర్తిగా రాసి అనువదిస్తాం: నాలుగు వందల ఎనభై నిమిషాలకు మూడు వందల ఇరవై గంటలు. మిగతా పన్నెండు గంటల మాటకు ఒక తేలిక పద్ధతి ఉంది. పెద్దావిడకు ముక్కముక్కగా వినిపించి, అదే మాటను నిదానంగా, స్పష్టంగా మళ్లీ చెప్పించి రికార్డు చేస్తారు. ఆ వెంటనే దేసియాలో అర్థం చెప్పించి అదీ రికార్డు చేస్తారు. దీనికి నిమిషానికి అయిదు నిమిషాలు అనుకుంటే మొత్తం అరవై గంటలు. రెండూ కలిపి మూడు వందల ఎనభై. ఉన్న నాలుగు వందల ఎనిమిదిలో ఇమిడింది, కాస్త మిగిలింది కూడా. నిదానంగా చెప్పిన ఆ ప్రతి ఉంటే, ఆవిడ లేని రోజున కూడా భాషాశాస్త్రం తెలిసినవారు మూలాన్ని రాసుకోగలరు. అది లేకపోతే వేగంగా సాగిన సంభాషణ శాశ్వతంగా మూసుకుపోతుంది.

గోరుమ్‌లో ఇది మరీ అవసరం. కొన్ని అచ్చులను గొంతు బిగించి, కిర్రుమన్నట్టు పలుకుతారు. మామూలు అచ్చుకు, బిగించిన అచ్చుకు అర్థంలో తేడా ఉంటుంది. ముసలి గొంతు ఎలాగూ కిర్రుమంటుంది, పళ్లు ఊడి ఉంటాయి. అందువల్ల ఒక్క మనిషి గొంతు మీద ఆధారపడితే అది భాష లక్షణమో వయసు లక్షణమో తేల్చలేం. అదే మాట కనీసం ముగ్గురి నోట వినాలి, ఒకరైనా స్త్రీ, ఒకరైనా పురుషుడు అయితే మంచిది. తెలుగు లిపిలోగానీ ఒడియా లిపిలోగానీ ఆ బిగింపుకు గుర్తు లేదు. కాబట్టి పరిశోధన ప్రతి అంతర్జాతీయ ధ్వని లిపిలో, ఊరివాళ్లకిచ్చే ప్రతి కొండకు అటు ఒడియాలో, ఇటు తెలుగులో ఉంటుందని సారాంశంలో ఒక వాక్యం రాయాలి. బృందంలో దేసియా వచ్చినవాళ్లు ఎవరో కూడా చెప్పాలి. గోరుమ్ నుంచి దేసియాకు, దేసియా నుంచి తెలుగుకు, తెలుగు నుంచి ఇంగ్లీషుకు మూడు మెట్లు దిగేసరికి క్రియలోని కాలభేదాలు సగం రాలిపోతాయి.

డబ్బు లెక్క ఇప్పుడు దానంతటదే వస్తుంది. రికార్డింగు సిటింగులు ముప్పై ఆరు, ఒక్కోదానికి ఇద్దరు పెద్దలు, అంటే డెబ్బై రెండు. రాతపని మూడు వందల ఎనభై గంటలు, రెండేసి గంటల చొప్పున నూట తొంభై. మొత్తం రెండు వందల అరవై రెండు. సిటింగుకు ₹600 అనుకుంటే ₹1,57,200. ప్రతి పెద్దకూ తోడు వచ్చే కొడుకో మనవరాలో ఆ పూట కూలీ పోగొట్టుకుంటారు. దానికి సగం, ₹78,600. ఈ రెండో పద్దు చాలా దరఖాస్తుల్లో కనిపించదు, అది లేనప్పుడు రెండో నెల నుంచి "అవ్వకు ఒంట్లో బాగాలేదు" అనే కబుర్లు మొదలవుతాయి. మూడు పల్లెల వాళ్లను ఒకచోట చేర్చడానికి జీపు అద్దె విడిగా వేసుకోవాలి. ఇద్దరు కలవకపోతే సంభాషణే లేదు మరి.

పరికరాల పద్దు చిన్నదిగా ఉండటమే మంచిది. రికార్డరు, తలకు తగిలించుకునే మైకులు రెండు, ఒక వీడియో కెమెరా, మూడు హార్డ్ డిస్కులు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల స్టీరియో శబ్దం గంటకు ఒక జీబీ చొప్పున తీసుకుంటుంది, ఇరవై గంటలకు ఇరవై ఒకటి. వీడియో సెకనుకు 24 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకు పదకొండు జీబీ. ఒక టెరాబైట్ డిస్కు చాలు. కానీ మూడు కావాలి, ఒకటి ఊళ్లో, ఒకటి జిల్లా కేంద్రంలో, ఒకటి విశ్వవిద్యాలయంలో. మనుషుల పద్దు కంటే పరికరాల పద్దు ఎక్కువైతే పరిశీలకుడు కనుబొమ్మలు ముడుస్తాడు.

ఎవరిని అడుగుతున్నామన్నదాన్ని బట్టి ఒకటి రెండు జాగ్రత్తలు. అంతరించే భాషల డాక్యుమెంటేషన్‌కు గ్రాంట్లిచ్చే పేరున్న కార్యక్రమం ఈఎల్‌డీపీ 2002 నుంచి నడుస్తోంది. లండన్‌లో ఉండి 2021లో బెర్లిన్‌కు మారింది. అది రికార్డు చేయడానికి డబ్బిస్తుంది గానీ బడులు పెట్టి భాష నేర్పడానికి కాదు. "భాషను పునరుద్ధరిస్తాం" అనే ఒక్క మాట సారాంశంలో పడితే తప్పు కిటికీ దగ్గర నిలబడ్డట్టే. మన దేశంలో 2013లో మొదలైన ఎస్‌పీపీఈఎల్ పథకం మైసూరులోని కేంద్రీయ భారతీయ భాషా సంస్థ ద్వారా నడుస్తుంది, పదివేల లోపు మంది మాట్లాడే భాషల కోసమే అది. విదేశీ డబ్బయితే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ, నిబంధనలు వర్తిస్తాయి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తాను తీసుకున్న విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. ఊరి సంఘానికి కొంత మొత్తం ఇస్తామని సారాంశంలో రాస్తే అక్కౌంట్స్ విభాగం దగ్గర ఆగిపోతుంది. పెద్దలకు నేరుగా, రసీదు మీద వేలిముద్రతో చెల్లింపు అని రాయడం మేలు.

అనుమతి సంగతి ఒక్క వాక్యంలో తేలేది కాదు గానీ, సారాంశంలో ఒక్క వాక్యమైనా పడాలి. మాట్లాడినవాళ్లు డెబ్బై దాటినవాళ్లు. రేపు వాళ్లు లేనప్పుడు ఆ రికార్డింగు ఎవరు వినొచ్చో, ఎవరు మార్చొచ్చో చెప్పే మనిషి ఎవరన్నది ఇప్పుడే వాళ్ల నోటితో చెప్పించి రికార్డు చేయాలి. చావు పాటలు, పూజ మాటలు అందరికీ తెరిచి పెట్టడం కొందరికి ఇష్టం ఉండదు. ఆర్కైవులో ఒక్కో ఫైలుకు ఒక్కో తాళం పెట్టే వీలుంటుంది. ఫైలు పేర్లలో కూడా మనిషి పేరు ఉండకూడదు: `pcj_20270114_A2_01.wav` లాంటిది చాలు.

ఇవన్నీ ఉడికించి వడగట్టాక సారాంశం సుమారు ఇలా ఉంటుంది:

"గోరుమ్ (`pcj`) దక్షిణ ఒడిశా, ఉత్తరాంధ్ర సరిహద్దు కొండల్లోని పరెంగ ప్రజల ముండా భాష. మూడు పల్లెల్లో మేం పరీక్షించి గుర్తించిన ధారాళ వక్తలు ముగ్గురు, పాక్షిక వక్తలు ఇద్దరు. అందరూ డెబ్బై ఏళ్లు పైబడినవారు. వ్యాకరణ పరిచయం ఉంది. వక్తలు తమలో తాము జరుపుకునే సంభాషణ రికార్డింగు మా ప్రధాన లక్ష్యం. పన్నెండు నెలల్లో ఇరవై గంటల శబ్దం, అందులో పన్నెండు గంటలకు వీడియో సేకరిస్తాం. ఎనిమిది గంటలు ధ్వని లిపిలో రాసి ఇంగ్లీషు, ఒడియా, తెలుగులోకి అనువదిస్తాం. మిగిలిన పన్నెండు గంటలకు నిదాన పునరుక్తి, దేసియా మౌఖిక అనువాదం ఉంటాయి. ప్రతి రికార్డింగుకు వక్త అనుమతి, వారి తదనంతరం నిర్ణయించే వ్యక్తి పేరు నమోదవుతాయి. ఫైళ్లు ప్రతి మూడు నెలలకు ఆర్కైవుకు చేరతాయి."

చివరి వాక్యంలో "ప్రతి మూడు నెలలకు" అన్నది చూసీచూడనట్టు వదిలేయకండి. ఏడాది చివర ఒకేసారి ఇస్తామన్న దరఖాస్తుల్లో హార్డ్ డిస్కుతో పాటు భాషా పోయిన సందర్భాలు ఉంటాయని పరిశీలకులకు తెలుసు.

ఇంకొక్కటి, పని వరస. అలవాటు ప్రకారం ముందు పదాల జాబితా, తర్వాత వాక్యాలు, తర్వాత కథలు, అన్నిటికన్నా చివర సంభాషణ. పది వేలమంది మాట్లాడే భాషకు అది సరే. ముగ్గురే ఉన్నప్పుడు దాన్ని తిరగేయాలి. ముగ్గురిలో ఒకరు పోతే ఇద్దరి మధ్య సంభాషణలు మూడు జతల నుంచి ఒక్క జతకు పడిపోతాయి. ఇద్దరు పోతే సంభాషణ అనేదే ఉండదు, కథలుంటాయి. పదాల జాబితా మాత్రం చివరి మనిషి దగ్గర కూడా, మంచం మీద పడుకుని ఉన్నా, కొంత దొరుకుతుంది. కాబట్టి మొదటి నెలలోనే మూడు జతల సంభాషణలు, రెండో నెలలో కథలు, పాటలు, పదాలు ఆఖర్న. ప్రమాదాల గడిలో "వక్తల అనారోగ్యం" అని రాసి ఊరుకోకుండా, ఈ వరసను అందులో పెడితే ఒక పేరా ఆదా అవుతుంది.